ముందు దురద, తర్వాత బొబ్బ

ఒక ఇల్లు ఊహించుకుందాం. ఆ ఇంట్లో 76 ఏళ్ళ పెద్దాయన ఉన్నారు. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి ఎడమ కాలూ చెయ్యీ పట్టు తప్పాయి, అటువైపు స్పర్శ కూడా మందగించింది. షుగరు పన్నెండేళ్ళుగా ఉంది. స్నానం, బట్టలు, భోజనం అన్నీ కోడలే చూసుకుంటుంది. ఒకరోజు పొద్దున నీళ్ళు పోయడానికి పంచె సడలించేసరికి కుడి తొడ లోపలివైపు ఉసిరికాయంత నీటి బొబ్బ కనిపించింది. పైతోలు నిగనిగలాడుతూ బిగిసి ఉంది, లోపల లేత పసుపు నీరు. మర్నాటికి పొత్తికడుపు మీద రెండు లేచాయి. మూడోనాటికి రెండు ముంజేతుల మీదా వచ్చాయి.

చూడటానికి వచ్చిన ఆడపడుచు నోట మొదట వచ్చిన మాట, "వదినా, నీళ్ళు మరీ వేడిగా పోశావా?" అని. కోడలు ఏమీ అనలేకపోయింది. పక్కింటావిడ అక్కి అయి ఉంటుంది, జాజు పూయించమంది. మందుల షాపతను కాలిన గాయాలకు రాసే క్రీము ఇచ్చాడు. పెద్దాయన మాత్రం ఒకటే మాట: "మంట లేదమ్మా, దురద."

అసలు సంగతి ఆ మాటలోనే ఉంది. మూడు నెలలుగా ఆయనకు ఒళ్ళంతా దురద. రాత్రిళ్ళు నిద్ర లేదు. వీపు మీదా తొడల మీదా ఎర్రటి దద్దుర్లు లేచి రోజుల తరబడి ఉండిపోయేవి. గజ్జి అనుకుని మందు రాశారు, ఎలర్జీ బిళ్ళలు వేశారు, వయసు వల్ల చర్మం పొడిబారిందని కొబ్బరినూనె పట్టించారు. ఏదీ పనిచేయలేదు. బొబ్బలు వచ్చాక అందరూ బొబ్బల గురించే మాట్లాడారు కానీ, ఆ మూడు నెలల దురదను వాటితో కలిపి చూసినవాళ్ళు లేరు.

వృద్ధుల్లో నెలల తరబడి దురద, ఆ తర్వాత బిగువైన నీటి బొబ్బలు వరుసగా వస్తే మొదట అనుమానించాల్సిన జబ్బు పేరు బులస్ పెంఫిగాయిడ్. ఇది అంటువ్యాధి కాదు, కాలిన గాయం కాదు, ఒరుసుకుపోయిన పుండూ కాదు. శరీరాన్ని కాపాడాల్సిన యాంటీబాడీలు సొంత చర్మం మీదికే తిరగడం వల్ల వచ్చే ఆటోఇమ్యూన్ జబ్బు. ఎక్కువగా 70 దాటినవాళ్ళలో కనిపిస్తుంది.

తోలు ఎక్కడ విడిపోయింది?

బొబ్బ అంటే చర్మంలో రెండు పొరలు విడిపోయి, ఆ ఖాళీలోకి నీరు చేరడం. రాపిడితో వచ్చినా, కాలి వచ్చినా, జబ్బుతో వచ్చినా జరిగేది ఇదే. తేడా అంతా ఏ అంతస్తులో విడిపోయింది, ఎందుకు విడిపోయింది అన్నదాంట్లో ఉంది.

చర్మాన్ని రెండు అంతస్తులుగా అనుకోండి. పైన ఎపిడెర్మిస్, అంటే కణాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే పలుచని పైచర్మం. కింద డెర్మిస్, అంటే రక్తనాళాలూ నరాలూ ఉండే గట్టి లోచర్మం. రెండింటినీ కలిపి పట్టి ఉంచేవి హెమిడెస్మోసోమ్‌లనే సూక్ష్మమైన బిగింపులు. జాకెట్టుకు కుట్టే టిచ్ బటన్ల లాంటివే ఇవి. పైచర్మపు అట్టడుగు కణం కింద వరసగా ఉండి, ఆ కణాన్ని కింది పొరకు అదిమి పట్టుకుంటాయి.

ఈ బటన్లలో రెండు ప్రొటీన్లు మన కథకు ముఖ్యం. ఒకటి బీపీ180. దీన్నే 17వ రకం కొల్లాజెన్ అని కూడా అంటారు. ఇది కణంలోంచి బయటికి పొడుచుకొచ్చి కింది పొరలోకి దిగి ఉంటుంది. రెండోది బీపీ230, కణం లోపలే ఉంటుంది. పెంఫిగాయిడ్‌లో శరీరం ఈ రెండింటి మీదా, ముఖ్యంగా బీపీ180 మీద, యాంటీబాడీలు తయారుచేస్తుంది. అవి వెళ్ళి బటన్లకు అతుక్కుంటాయి. అతుక్కున్నచోటికి కాంప్లిమెంట్ అనే రక్తప్రొటీన్లు వస్తాయి, వాటి వెనకే తెల్ల రక్తకణాలు వస్తాయి. వాటిలో ఇసినోఫిల్స్ ఎక్కువ. ఎలర్జీల్లో దురద పుట్టించే గుంపులో ఉండేవీ ఇవే. ఈ కణాలు వదిలే ఎంజైములు బటన్లను కొరికేస్తాయి.

ఇక్కడే దురద ముందు, బొబ్బ తర్వాత ఎందుకో అర్థమవుతుంది. బటన్లు పూర్తిగా ఊడకముందే వాపు మొదలవుతుంది. ఆ దశలో కనిపించేది దురద, ఎర్రటి దద్దుర్లు మాత్రమే. అది వారాలు ఉండవచ్చు, నెలలు ఉండవచ్చు. కొందరిలో బొబ్బలు రానే రావు, దురద ఒక్కటే ఉంటుంది. తగినన్ని బటన్లు ఊడాక పైచర్మం మొత్తం ఒక్క దుప్పటిలా పైకి లేస్తుంది.

బొబ్బ బిగువుగా ఉండటానికి కారణమూ ఇదే. పైకి లేచింది ఒక పలుచని పొర కాదు, పైచర్మం మొత్తం. దాని కణాలు ఒకదాన్నొకటి గట్టిగానే పట్టుకుని ఉన్నాయి. అందుకే ఆ కప్పు రోజుల తరబడి పగలకుండా నిలుస్తుంది. పెంఫిగస్ అనే మరో జబ్బులో విషయం వేరు. అందులో యాంటీబాడీలు పైచర్మపు కణాల మధ్యనున్న పట్టునే వదులు చేస్తాయి. కప్పు పలుచనై బొబ్బ వడిలినట్టుంటుంది, ముట్టుకుంటే చితికిపోయి పచ్చిపుండు మిగులుతుంది. చాలామందిలో అది నోట్లో పుళ్ళతో మొదలవుతుంది. మన దేశంలో చర్మవైద్యులు పెంఫిగాయిడ్ కంటే పెంఫిగస్‌నే ఎక్కువగా చూస్తారు, అది మధ్యవయసువాళ్ళకూ వస్తుంది. 1953 దాకా వైద్యులు ఈ రెండింటినీ ఒకే జబ్బుగా చూసేవారు. ఆ ఏడాది వాల్టర్ లీవర్ అనే చర్మవైద్యుడు చర్మపు ముక్కలను మైక్రోస్కోపు కింద పెట్టి, ఒకదాంట్లో పైచర్మం లోపలే చీలిక వస్తోందని, రెండోదాంట్లో పైచర్మం కింద వస్తోందని చూపించి రెండింటినీ విడదీశారు.

రాపిడి బొబ్బ అయితే

అలిపిరి మెట్లు ఉత్త కాళ్ళతో ఎక్కినవాళ్ళకూ, అలవాటు లేకుండా రోజంతా పార పట్టినవాళ్ళకూ రాపిడి బొబ్బ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పైతోలు నేలకో పిడికో అంటుకుని ఒకవైపు లాగుతుంది, లోపలి ఎముక ఇంకోవైపు కదులుతుంది. ఈ లాగుడు పదే పదే జరిగితే పైచర్మం మధ్య పొరలోని కణాలు చిరిగి చీలిక ఏర్పడుతుంది, అందులోకి నీరు ఊరుతుంది. చెమటతో తడిస్తే రాపిడి పెరిగి పని ఇంకా తొందరగా అవుతుంది.

ఈ బొబ్బ ఏర్పడాలంటే పైతోలు మందంగా ఉండాలి, కింద గట్టిగా అతుక్కుని ఉండాలి. అందుకే అది అరచేతుల్లో, అరికాళ్ళలో, మడమల దగ్గర వస్తుంది. పలుచని చర్మాన్ని అంతే గట్టిగా రుద్దితే బొబ్బ రాదు, తోలు గీసుకుపోతుంది. వృద్ధుల ముంజేతి మీద కాగితంలా ఉండే చర్మం మంచం అంచుకు తగిలితే చిరిగి ఊడుతుందే తప్ప నీటితో నిండి నిలబడదు. కాబట్టి పొత్తికడుపు మీద, తొడ లోపలివైపు, ముంజేతి మీద వచ్చిన బిగువైన బొబ్బను పంచె ఒరుసుకుని వచ్చిందనడం కుదరదు. ఒక్క మినహాయింపు ఉంది. మంచాన ఉన్నవాళ్ళకు మడమ మీద ఒత్తిడి వల్ల నీటి బొబ్బ రావచ్చు. అది అక్కడికే పరిమితమవుతుంది, దానికి చేయాల్సింది కాలు మంచానికి ఆనకుండా ఎత్తి పెట్టడం.

రాపిడి బొబ్బకు మంటా నొప్పీ ఉంటాయి, దురద దాదాపు ఉండదు. కారణం ఆగితే బొబ్బ కూడా ఆగుతుంది. ఒక రోజులోనే అడుగున కణాల విభజన మొదలై, సుమారు అయిదు రోజులకు కింద కొత్త తోలు సిద్ధమవుతుంది. చెప్పులు మార్చాక కూడా రోజుకు రెండు కొత్త బొబ్బలు లేస్తుంటే అది రాపిడి కాదు.

కాలిన బొబ్బ అయితే

ఆడపడుచు అనుమానం నిరాధారమైంది కాదు. 60 డిగ్రీల వేడినీరు పెద్దవాళ్ళ చర్మాన్ని దాదాపు 5 సెకన్లలో లోతుగా కాల్చగలదు. వృద్ధుల పలుచని చర్మానికి అంతసేపూ అక్కర్లేదు. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ పోయినవాళ్ళకూ, పక్షవాతం వచ్చిన వైపూ కాలినా తెలియకపోవచ్చు. వేడినీళ్ళ సంచి పెట్టుకుని నిద్రపోయి, లేచి చూస్తే బొబ్బ ఉండటం కొత్తేమీ కాదు. నొప్పి లేదన్న ఒక్క మాటతో కాలిన గాయాన్ని కొట్టిపారేయకూడదు.

కానీ కాలిన గాయానికి ఒక ఆకారం ఉంటుంది. నీళ్ళు పడితే పడ్డచోటి నుంచి కిందికి జారిన చారలు ఉంటాయి. సంచి పెడితే సంచి అంచు కనిపిస్తుంది. వేడి పాత్ర తగిలితే దాని వంపు కనిపిస్తుంది. బొబ్బ చుట్టూ చర్మం కూడా కమిలి ఎర్రబడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, కాలడం ఒక్కసారి జరిగే సంఘటన. బొబ్బలన్నీ ఒకేరోజు, మహా అయితే మర్నాటికల్లా లేస్తాయి, అన్నీ ఒకే వయసువి. కాలినట్టు తెలిసిన వెంటనే చేయాల్సింది 20 నిమిషాలు మామూలు కుళాయి నీళ్ళు ధారగా పోయడం. మంచుముక్క, టూత్‌పేస్టు, ఇంకు వద్దు.

పెద్దాయన ఒంటిని మళ్ళీ చూద్దాం

ఇప్పుడు ఆ ఇంటికి తిరిగి వెళ్ళి, వెలుతురులో నిదానంగా చూద్దాం. కుడి తొడ మీది బొబ్బ బిగిసి ఉంది. పక్కనే ఒకటి పగిలి తడిగా ఉంది. పొత్తికడుపు మీద ఒకటి ఎండి చెక్కు కట్టింది. ముంజేతి మీద శనగగింజంతది ఈ పొద్దున లేచింది. వీపు మీద బొబ్బ లేని ఎర్రటి దద్దురు అంగుళం మేర ఉంది. ఒకే ఒంటి మీద నాలుగు వయసుల గాయాలున్నాయి. ఒకసారి ఒలికిన నీళ్ళు ఇలాంటి వరస సృష్టించలేవు.

రెండో ఆనవాలు ఇంకా స్పష్టం. పక్షవాతం వచ్చింది ఎడమవైపు. బొబ్బలు రెండువైపులా ఉన్నాయి. కుడి తొడలో స్పర్శ మామూలుగానే ఉంది. అక్కడ అంత బొబ్బ లేచేంత వేడినీళ్ళు పడితే ఆయన కేక పెట్టకుండా ఉండేవారు కాదు. పొత్తికడుపు, తొడల లోపలివైపు, మోచేతుల మడతలు పెంఫిగాయిడ్‌కు ఇష్టమైన చోట్లు. నీళ్ళు పోసేటప్పుడు మొదట తడిసే భుజాలూ వీపూ కాలలేదు.

అక్కి కూడా కాదు. అక్కి ఒంటికి ఒకవైపే, నరం వెళ్ళే దారిలో పట్టీలా వస్తుంది. చిన్న చిన్న పొక్కులు గుత్తులుగా ఉంటాయి, నొప్పి ముందుగా వస్తుంది. షుగరున్నవాళ్ళకు పాదాల మీద దురదా నొప్పీ లేకుండా హఠాత్తుగా లేచే నీటి బొబ్బలు మరో రకం. అవి కొన్ని వారాల్లో వాటంతటవే మానతాయి. ఈయనకు దురద ఉంది, పాదాల మీద ఏమీ లేదు.

ఇంతవరకూ కళ్ళతో, ప్రశ్నలతో తేలింది. చికిత్స నెలల తరబడి సాగుతుంది కాబట్టి నిర్ధారణ కావాలి. దానికి రెండు చర్మపు ముక్కలు తీయాలి, రెండూ వేర్వేరు చోట్ల నుంచి. మొదటిది కొత్తగా లేచిన బొబ్బ అంచు నుంచి తీసి ఫార్మలిన్‌లో వేస్తారు. మైక్రోస్కోపు కింద పైచర్మం అడుగున చీలిక, అందులో ఇసినోఫిల్స్ కనిపిస్తాయి. రెండోది బొబ్బకు సెంటీమీటరు లోపు, బొబ్బ లేని చర్మం నుంచి తీయాలి. దీనికి చేసే పరీక్ష డైరెక్ట్ ఇమ్యునోఫ్లోరెసెన్స్. యాంటీబాడీలకు అంటుకుని వెలిగే రంగు పూసి చూస్తే, రెండు అంతస్తుల మధ్య ఒకే ఒక ఆకుపచ్చ గీత సన్నని తీగలా మెరుస్తుంది. పెంఫిగస్‌లో అయితే కణం కణం చుట్టూ వెలిగి చేపలవలలా కనిపిస్తుంది.

ఈ దశలో పరీక్ష పాడయ్యే దారులు రెండు. రెండో ముక్కనూ అలవాటు కొద్దీ ఫార్మలిన్‌లో వేస్తే ఆ గీత కనిపించకుండా పోతుంది. దాన్ని మిషెల్స్ ద్రావణంలో పంపాలి, అది లేకపోతే మామూలు సెలైన్‌లో వేసి ఒక రోజులోపు ల్యాబుకు చేర్చాలి. ఇక బొబ్బ మీదనే ముక్క తీస్తే అక్కడి యాంటీబాడీలు వాపులో నశించిపోయి ఫలితం తప్పుగా 'లేదు' అని రావచ్చు. ముక్క తీయించుకునే ముందు ఈ రెండూ అడిగి తెలుసుకోవడం ఇంటివాళ్ళ హక్కు. రక్తంలో బీపీ180 యాంటీబాడీలను కొలిచే ఎలైజా పరీక్ష కూడా ఉంది.

మందుల డబ్బా తెరవాలి

డాక్టరు అడగాల్సిన ఇంకో ప్రశ్న, బొబ్బలకు ముందు ఏడాది రెండేళ్ళలో కొత్తగా ఏ మందు మొదలైందని. పెద్దాయన మందుల డబ్బాలో విల్డాగ్లిప్టిన్ ఉంది, పద్నాలుగు నెలలుగా వాడుతున్నారు. షుగరుకు వాడే ఈ గ్లిప్టిన్ల జాతి మందులకూ పెంఫిగాయిడ్‌కూ సంబంధం ఉందని చాలా దేశాల అధ్యయనాల్లో తేలింది. వాటిలో విల్డాగ్లిప్టిన్ పేరు ముందుంటుంది. 2019 చివర్లో పేటెంటు ముగిసి ధర బాగా తగ్గాక మన దేశంలో దాని వాడకం ఎంతో పెరిగింది. గ్లిప్టిన్ వాడేవాళ్ళలో అత్యధికులకు ఈ జబ్బు రాదు. వచ్చినవాళ్ళకు మాత్రం మందు మార్చడం చికిత్సలో భాగం. మందు మొదలైన నెలలకో, ఏడాది దాటాకో జబ్బు రావచ్చు కాబట్టి ఎవరికీ ఆ రెండింటినీ కలిపి చూడాలని తోచదు. సొంతంగా ఆపేస్తే షుగరు అదుపు తప్పుతుంది. మార్చాల్సింది షుగరు డాక్టరే.

పక్షవాతం కూడా యాదృచ్ఛికం కాకపోవచ్చు. పక్షవాతం, పార్కిన్సన్స్, మతిమరుపు జబ్బులున్న వృద్ధుల్లో పెంఫిగాయిడ్ ఎక్కువ. చర్మపు బటన్లలో ఉన్న ఆ రెండు ప్రొటీన్ల రూపాలే మెదడులోనూ ఉంటాయి. మెదడు దెబ్బతిన్నప్పుడు శరీరం వాటిని పరాయివిగా గుర్తించడం నేర్చుకుంటుందేమోనని పరిశోధకుల ఊహ.

పూతే పెద్ద మందు

ఒకప్పుడు ఈ జబ్బుకు స్టీరాయిడ్ బిళ్ళలు పెద్ద మోతాదులో ఇచ్చేవారు. బొబ్బలు తగ్గేవి కానీ వృద్ధులు ఆ మందుకు తట్టుకోలేకపోయేవారు. 2002లో ఫ్రాన్స్ వైద్యులు 341 మంది మీద చేసిన అధ్యయనం ఈ పద్ధతిని మార్చింది. కొందరికి బిళ్ళలు ఇచ్చి, కొందరికి క్లోబెటాసాల్ అనే శక్తిమంతమైన స్టీరాయిడ్ క్రీమును రోజుకు 40 గ్రాములు ఒళ్ళంతా రాశారు. జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్ళలో ఏడాది తర్వాత బతికి ఉన్నది బిళ్ళలు వాడినవాళ్ళలో 58 శాతం, క్రీము రాసినవాళ్ళలో 76 శాతం.

40 గ్రాములంటే రోజుకు ఒకటి రెండు ట్యూబులు. బొబ్బల మీదే కాదు, ముఖం తప్ప మామూలుగా కనిపించే చర్మం మీద కూడా రాయాలి. మంచాన ఉన్న మనిషికి రోజూ ఇలా రాయడం కష్టమైన పని, అందుకే చాలా ఇళ్ళలో అది నాలుగు రోజులకు ఆగిపోతుంది. ఆగకుండా సాగడానికి ఇంట్లో రెండో మనిషి చెయ్యి కావాలి. ఇది డాక్టరు పర్యవేక్షణలో, తగ్గిన కొద్దీ మోతాదు తగ్గిస్తూ చేసే చికిత్స. ఇదే క్రీమును తామరకని షాపులో కొని రాసుకుంటే తామర ముదురుతుంది.

క్రీముతో కుదరనప్పుడు ఇంకో దారి డాక్సీసైక్లిన్ అనే పాత యాంటీబయాటిక్, రోజుకు 200 మిల్లీగ్రాములు. ఇక్కడ అది క్రిములను చంపడానికి కాదు, వాపు తగ్గించడానికి. బ్రిటన్, జర్మనీల్లో 253 మంది మీద చేసి 2017లో ప్రచురించిన పరిశీలనలో ఆరువారాలకు ప్రెడ్నిసొలోన్ 91 శాతం మందిలో, డాక్సీసైక్లిన్ 74 శాతం మందిలో పనిచేశాయి. కానీ ఏడాదిలో మందు వల్ల వచ్చిన తీవ్రమైన హాని ప్రెడ్నిసొలోన్ మొదలుపెట్టినవాళ్ళలో 36 శాతానికి, డాక్సీసైక్లిన్ వాళ్ళలో 18 శాతానికి కనిపించింది. కొంచెం తక్కువ పనిచేసినా తక్కువ గాయపరిచే మందు కొందరు వృద్ధులకు మేలు. షుగరున్న మన పెద్దాయనకు స్టీరాయిడ్ బిళ్ళలు తప్పనిసరైతే, మధ్యాహ్నం సాయంత్రం పూటల్లో షుగరు చూడటం మర్చిపోకూడదు, బిళ్ళలు ఒక్కసారిగా ఆపకూడదు.

బొబ్బ పెద్దదై ఇబ్బంది పెడితే నర్సు చేత శుభ్రమైన సూదితో కింది అంచున గుచ్చించి నీరు తీయించాలి. పైతోలును మాత్రం కత్తిరించకూడదు. ఆ కప్పే కింది పచ్చి చర్మానికి కట్టు. జ్వరం వచ్చినా, బొబ్బల్లో చీము పట్టినా, నోట్లో పుళ్ళు వచ్చి మింగలేకపోయినా, కళ్ళు ఎర్రబడి అంటుకుపోతున్నా ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి. పెంఫిగాయిడ్ బొబ్బలు సాధారణంగా మచ్చ పడకుండా మానతాయి కానీ, చికిత్స ఆపాక జబ్బు మళ్ళీ తిరగబెట్టవచ్చు. నెలలూ ఏళ్ళూ కనిపెట్టుకుని ఉండాలి.

కనిపెట్టడానికి పనికొచ్చే కొలత ఇంట్లోనే ఉంది. రోజూ పొద్దున నీళ్ళు పోసేటప్పుడు కొత్తగా లేచిన బొబ్బలు లెక్కపెట్టి గోడ క్యాలెండరులో ఆ తేదీ గడిలో అంకె వేయాలి. దురద ఎలా ఉందో పక్కన ఒక మాట రాయాలి. మందు పనిచేస్తోందా, మోతాదు తగ్గించవచ్చా అని డాక్టరు నిర్ణయించేది ఆ అంకెల మీదే. ఆ పెద్దాయన ఒంటి మీద ఏ బొబ్బ ఎప్పుడు లేచిందో చెప్పగలిగిన మనిషి ఆ ఇంట్లో ఒక్కతే, నీళ్ళు వేడిగా పోశావా అని అనుమానం ఎదుర్కొన్న కోడలు. డాక్టరు ముందు కూర్చుని మాట్లాడాల్సింది ఆమే. మొదట చెప్పాల్సిన మాట, దురద ఏ నెలలో మొదలైందన్నది.